ఫిలమెంటు లేని రేడియో

1954 అక్టోబరు 18న అమెరికాలో ఇండియానాపొలిస్‌ నగరానికి చెందిన ఒక చిన్న కంపెనీ జేబులో పట్టే రేడియోను ప్రకటించింది. పేరు రీజెన్సీ టీఆర్-1. అయిదంగుళాల పొడవు, మూడంగుళాల వెడల్పు, అంగుళంపావు మందం, మూడున్నర వందల గ్రాముల లోపు బరువు. ధర 49 డాలర్ల 95 సెంట్లు. అందులో సగం డబ్బు పెడితే చాలు, ఆ రోజుల్లో ఇంటి బల్ల మీద పెట్టుకునే మంచి వాల్వు రేడియో వచ్చేది. అది దీనికంటే గట్టిగా, నిండుగా పాడేది, దూరపు స్టేషన్లను కూడా పట్టేది. టీఆర్-1లో గొంతు పలచగా ఉంటుందని, అనుకున్నంత బాగా పలకదని వినియోగదారుల పత్రికలు పెదవి విరిచాయి. అయినా లక్షకు పైగా అమ్ముడుపోయింది.

ట్రాన్సిస్టర్ చరిత్ర చెప్పేవాళ్లు సాధారణంగా 1947 డిసెంబరు దగ్గర మొదలుపెడతారు. అప్పుడే అది పుట్టింది, దాన్ని కనిపెట్టినవాళ్లకు నోబెల్ బహుమతి వచ్చింది, అదంతా నిజమే. కానీ పుట్టిన నాటి ట్రాన్సిస్టర్ దాదాపు ప్రతి విషయంలోనూ వాల్వు కంటే తీసికట్టు. ధర ఎక్కువ, గరగర ఎక్కువ, వేగం తక్కువ, ఏ ఒక్కటీ ఇంకొకదానిలా పనిచేసేది కాదు. అటువంటి వస్తువు నలభై ఏళ్లుగా పాతుకుపోయిన వాల్వును ఎలా గెంటేసిందన్నది నా దృష్టిలో అసలు కథ. ఆ కథలో భౌతిక శాస్త్రవేత్తలకు ఎంత పాత్ర ఉందో కొలిమి దగ్గర నిలబడి స్ఫటికాలు తీసినవాళ్లకు, మలినాలు కడిగినవాళ్లకు అంత పాత్ర ఉంది.

ముందు వాల్వు ఏం చేస్తుందో చూద్దాం. గాలి తీసేసిన గాజు బుడ్డిలో ఒక లోహపు గొట్టం ఉంటుంది, దాన్ని కాథోడ్ అంటారు. దాని లోపల సన్నటి హీటరు తీగ ఎర్రగా కాలుతుంటుంది. వేడికి కాథోడ్ మీది పూత నుంచి ఎలక్ట్రాన్లు బయటకు దూకుతాయి. ఎదురుగా ఉన్న ప్లేటుకు ధన వోల్టేజీ ఇస్తే అవి అటు పరుగెడతాయి. ఈ రెండింటి మధ్య సన్న తీగతో అల్లిన జల్లెడ లాంటి గ్రిడ్ ఒకటి ఉంటుంది. గ్రిడ్ మీద వోల్టేజీ కొద్దిగా మారితే చాలు, దాని గుండా పోయే ఎలక్ట్రాన్ల ప్రవాహం బాగా మారిపోతుంది. పెద్ద కాలువ మీద లాకు తలుపును ఒక మనిషి చేత్తో తిప్పి అంత నీటినీ ఆడించినట్టే ఇది. ఏరియల్ పట్టిన అతి బలహీనమైన సంకేతం గ్రిడ్‌ను ఆడిస్తే, అదే ఆట ప్లేటు దగ్గర బలంగా కనబడుతుంది. రేడియో అయినా, దూర ప్రాంతాల టెలిఫోన్ అయినా పనిచేసింది ఈ ఒక్క కిటుకు మీదే.

చిక్కల్లా ఆ వేడి దగ్గరే ఉంది. ఎలక్ట్రాన్లను లోహంలోంచి శూన్యంలోకి తేవాలంటే కాల్చక తప్పదు. ఇంటి కరెంటుతో నడిచే మామూలు వాల్వుకు హీటరు ఒక్కటే 6.3 వోల్టుల దగ్గర 0.3 ఆంపియర్లు తీసుకునేది. అంటే పాట వచ్చినా రాకపోయినా వాల్వుకు దాదాపు రెండు వాట్లు వేడికే పోతాయి. స్విచ్చి వేశాక అర నిమిషం వరకు పాట రాకపోవడానికీ, రేడియో వెనక అట్టకు గాలి కోసం చిల్లులు పెట్టడానికీ కారణం ఇదే.

గోడ ప్లగ్గు ఉన్నంతవరకు ఆ రెండు వాట్లు ఎవరికీ బరువు కాదు. బ్యాటరీ మీద నడపాలంటేనే కష్టం తెలుస్తుంది. 1940 నాటి నుంచి అమెరికాలో చేత పట్టుకుపోయే వాల్వు రేడియోలు ఉండేవి. వాటి కోసం ప్రత్యేకంగా చిన్న వాల్వులు చేశారు. నాలుగు వాల్వుల సెట్టులో మూడింటి ఫిలమెంట్లు ఒక్కొక్కటి 50 మిల్లీ ఆంపియర్లు, స్పీకర్ని నడిపే నాలుగోది 100 మిల్లీ ఆంపియర్లు తీసుకునేవి. మొత్తం 250. ఇది టార్చిలైటు సెల్లు మీద పడే భారం, కాబట్టి ఆ సెల్లు కొన్ని గంటలకే చచ్చిపోయేది. ప్లేట్ల కోసం విడిగా 67.5 వోల్టుల బ్యాటరీ ఒకటి కావాలి, దాని నుంచి సుమారు పది మిల్లీ ఆంపియర్లు. రెండూ కలిపి లెక్కేస్తే ఒక వాటు. ఈ ఒక వాటు అన్న అంకెను గుర్తుంచుకోండి, టీఆర్-1తో పోల్చడానికి పనికొస్తుంది.

వాల్వు చెడిపోవడానికి దారులు కూడా చాలా ఉన్నాయి. ఫిలమెంటు తెగిపోతుంది. కాథోడ్ పూత అరిగి, ఎలక్ట్రాన్లు తగ్గి, సెట్టు ఏళ్ల తరబడి నెమ్మదిగా నీరసిస్తుంది. గాజుకు సన్న పగులు వచ్చి గాలి దూరుతుంది. ఈ చివరిదాన్ని కంటితోనే పట్టుకోవచ్చు. వాల్వు తల దగ్గర గాజు లోపల అద్దంలా మెరిసే వెండి రంగు మచ్చ ఉంటుంది. లోపల మిగిలిన కాస్త గాలినీ పీల్చేయడానికి వేసిన బేరియం పూత అది. ఆ మచ్చ పాలలా తెల్లబడిందంటే గాలి దూరినట్టే, ఇక దాన్ని పారేయడమే. రేడియోలో అయిదు వాల్వులుంటే ఏదో ఒకటి మార్చుకోవచ్చు. 1946లో ఫిలడెల్ఫియాలో నడిచిన ఎనియాక్ కంప్యూటరులో దాదాపు 18,000 వాల్వులు ఉండేవి. అది 150 కిలోవాట్ల విద్యుత్తు మింగేది. ఒకటి రెండు రోజులకో వాల్వు పోయేది, ఆ ఒక్కటీ ఎక్కడుందో వెతికి మార్చాలి.

బెల్ టెలిఫోన్ కంపెనీకి ఈ తలనొప్పి అందరికంటే ఎక్కువ. దేశమంతా పరచిన వేల మైళ్ల తీగల్లో, సన్నబడిపోయే గొంతులను అక్కడక్కడా మళ్లీ పెంచడానికి వాల్వులు పెట్టుకుంది. ఆ కంపెనీ పరిశోధనశాలకు నాయకుడైన మెర్విన్ కెల్లీ కోరిక ఒకటే, వేడి అక్కర్లేని, అరగని ఘనపదార్థంతో అదే పని చేయించాలని. న్యూజెర్సీలోని మర్రే హిల్‌లో విలియం షాక్లీ నాయకత్వంలో ఒక బృందం ఆ పనిలో దిగింది. అందులో జాన్ బార్డీన్ లెక్కలు కట్టే సిద్ధాంతకర్త, వాల్టర్ బ్రాటెన్ చేతి పనిలో నేర్పరి.

జెర్మేనియం, సిలికాన్ లాంటి పదార్థాలను అర్ధవాహకాలు అంటారు. జెర్మేనియం పరమాణువుకు బయటి వరుసలో నాలుగు ఎలక్ట్రాన్లు ఉంటాయి, నాలుగూ పక్క పరమాణువులతో బంధాల్లో చిక్కుకుని ఉంటాయి. అందుకే శుద్ధమైన జెర్మేనియంలో కరెంటు అంతంత మాత్రంగా పారుతుంది. అందులో అయిదు బయటి ఎలక్ట్రాన్లున్న ఆంటిమొనీ రవ్వంత కలిపితే, బంధంలో ఇమడని అయిదో ఎలక్ట్రాన్ స్వేచ్ఛగా తిరుగుతుంది. ఇది ఎన్ రకం. మూడే ఎలక్ట్రాన్లున్న గాలియం కలిపితే బంధాల్లో ఖాళీలు మిగిలిపోయి, ఆ ఖాళీలే ధన విద్యుత్తులా కదులుతాయి. ఇది పీ రకం. ఇక్కడే వాల్వుకూ దీనికీ ఉన్న పెద్ద తేడా తెలుస్తుంది. ఈ ఎలక్ట్రాన్లను ఎవరూ కాల్చి బయటకు తరమక్కర్లేదు. గది వేడికే అవి కదలడానికి సిద్ధంగా ఉంటాయి.

1947 డిసెంబరు 16న బ్రాటెన్ ప్లాస్టిక్ ముక్క అంచుకు బంగారు రేకు అంటించి, బ్లేడుతో రేకును సన్నగా చీల్చి, ఆ రెండు కొసలనూ జెర్మేనియం ముక్క మీద స్ప్రింగుతో నొక్కిపెట్టాడు. కొసల మధ్య దూరం మిల్లీమీటరులో ఇరవయ్యో వంతు. ఒక కొస దగ్గర ఇచ్చిన చిన్న సంకేతం రెండో కొస దగ్గర పెద్దదై వచ్చింది. వారం తర్వాత, డిసెంబరు 23న, పై అధికారుల ముందు దాని గుండా మాట్లాడి చూపించారు. 1948 జూన్ 30న లోకానికి ప్రకటించినప్పుడు న్యూయార్క్ టైమ్స్ ఆ వార్తను లోపలి పేజీలో రేడియో కబుర్ల మధ్య చిన్నగా వేసింది. పత్రిక తప్పు పట్టింది అనుకోను. ఆ రోజు చూపించినదాన్ని బట్టి ఎవరు చూసినా అంతకంటే ఎక్కువ ఊహించడం కష్టం. తీగ కొస జెర్మేనియం మీద ఒక వెంట్రుకవాసి జరిగితే పనితనం మారిపోయేది. బల్లకు చెయ్యి తగిలినా చెడిపోయేది.

అంతకంటే నమ్మదగిన రూపాన్ని నెల తిరక్కుండానే షాక్లీ కాగితం మీద గీశాడు. తీగల కొసలు మానేసి, ఒకే స్ఫటికంలో ఎన్, పీ, ఎన్ అని మూడు పొరలు ఉంచాలి. మధ్య పొర చాలా పలచగా ఉండాలి. ఒక చివరి పొర ఎమిటరు, రెండో చివరిది కలెక్టరు, మధ్యది బేస్. ఎమిటరు నుంచి కలెక్టరుకు పోయే ఎలక్ట్రాన్లు బేస్ పొరను దాటి పోవాలి. బేస్‌కు ఇచ్చే చిన్న కరెంటును బట్టి ఆ దాటే ప్రవాహం పెరుగుతుంది, తగ్గుతుంది. వాల్వులో గ్రిడ్ చేసిన పనిని ఇక్కడ పలచని బేస్ చేస్తుంది.

గీయడం సులువైంది గానీ చేయడానికి మూడేళ్లు పట్టింది. పొరలన్నీ ఒకే స్ఫటికం కావాలని, మధ్యలో ఎక్కడా పగుళ్లూ అతుకులూ ఉండకూడదని గోర్డన్ టీల్ పట్టుబట్టాడు. మొదట్లో ఆయన మాట ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. కరిగిన జెర్మేనియంలోకి చిన్న విత్తన స్ఫటికాన్ని ముంచి, తిప్పుతూ, అతి నెమ్మదిగా పైకి లాగితే దాని కింద కొత్త స్ఫటికం పెరుగుతుంది. ముందుగా ఎన్ రకం ద్రవంలోంచి లాగుతూ, మధ్యలో ఒక గాలియం గుళిక పడేస్తే ఆ క్షణం నుంచి పెరిగేది పీ రకం. కొన్ని సెకన్ల తర్వాత ఆంటిమొనీ గుళిక పడేస్తే మళ్లీ ఎన్ రకం. అలా 1951 నాటికి నమ్మకంగా పనిచేసే మూడు పొరల ట్రాన్సిస్టర్ వచ్చింది.

అయితే కలపవలసిన ఆంటిమొనీ, గాలియం లెక్క ఎంత సూక్ష్మమంటే, జెర్మేనియంలో ముందే ఉన్న మలినాలు ఆ లెక్కనంతా చెడగొట్టేవి. దీనికి మందు విలియం ఫాన్ అనే మరో బెల్ ఉద్యోగి కనిపెట్టాడు. జెర్మేనియం కడ్డీ చుట్టూ వేడి చుట్ట ఒకటి పెట్టి, ఆ చుట్ట ఉన్నంత మేర మాత్రమే కరిగిస్తూ, దాన్ని ఒక కొస నుంచి రెండో కొసకు నెమ్మదిగా జరుపుతాడు. మలినాలకు గట్టిపడే భాగం కంటే కరిగిన భాగంలో ఉండటమే ఇష్టం కాబట్టి అవి చుట్టతోపాటు ప్రయాణించి చివరికి చేరతాయి. అలా మళ్లీ మళ్లీ చేసి, చివరి ముక్క కోసి పారేస్తే మిగిలినదాంట్లో వెయ్యి కోట్ల పరమాణువులకు ఒక్క మలినం కూడా ఉండేది కాదు. ఇంత చవకైన, ఇంత తెలివైన ఉపాయం పరిశ్రమల చరిత్రలో అరుదు. ఫాన్ పేరు చాలామందికి తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

1952 ఏప్రిల్‌లో బెల్ కంపెనీ తన పద్ధతులన్నిటినీ 25,000 డాలర్ల రుసుముకు ఇతర కంపెనీలకు నేర్పింది. నేర్చుకున్నవాటిలో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ ఒకటి. భూమి లోపల చమురు వెతికే పరికరాలతో మొదలైన కంపెనీ అది. తర్వాత గోర్డన్ టీల్‌నే తన దగ్గరకు రప్పించుకుంది. ఆ కంపెనీ పెద్ద పాట్రిక్ హాగర్టీకి ఒక విషయం అర్థమైంది. సైన్యానికి, చెవిటి యంత్రాలకు కొన్ని వేలు అమ్మినంతకాలం ట్రాన్సిస్టర్ ధర దిగదు, ధర దిగనంతకాలం ఎవరూ కొనరు. జనం కొనే వస్తువొకటి పట్టుకుంటే తప్ప ఈ ముడి విడదు. ఆయన ఎంచుకున్నది జేబు రేడియో. పెద్ద రేడియో కంపెనీలు ముందుకు రాలేదు, ఇండియానాపొలిస్ కంపెనీ వచ్చింది.

టెక్సాస్ ఇంజనీర్లు మొదట తయారుచేసిన నమూనాలో ఎనిమిది ట్రాన్సిస్టర్లు ఉన్నాయి. అన్నిటితో ధర కిట్టదు. యాభై డాలర్లకు అమ్మాలంటే ట్రాన్సిస్టర్ల మీద పది డాలర్లకు మించి పెట్టడానికి లేదు, ఒక్కొక్కటి రెండున్నర డాలర్లు, అంటే నాలుగే. ఇండియానాపొలిస్ ఇంజనీరు రిచర్డ్ కోచ్ ఆ నాలుగింటితో సర్దాడు. స్టేషన్ సంకేతాన్ని అందుకుని దాని పౌనఃపున్యాన్ని మార్చే పని మామూలుగా రెండు విడి భాగాలు చేయాలి, ఆయన ఒకే ట్రాన్సిస్టర్‌తో రెండూ చేయించాడు. రెండు ట్రాన్సిస్టర్లు మారిన సంకేతాన్ని పెంచుతాయి, నాలుగోది స్పీకర్ని పలికిస్తుంది. మధ్యలో సంకేతంలోంచి పాటను విడదీసేది ఒక చిన్న జెర్మేనియం డయోడు.

ఇక్కడ తెలుసుకోదగిన సంగతి ఒకటి ఉంది. వాల్వు రేడియోలు ఎక్కువగా ఆ మధ్య పౌనఃపున్యాన్ని 455 కిలోహెర్ట్జ్ దగ్గర పెట్టుకునేవి. టీఆర్-1లో దాన్ని 262కు దించారు. ఎలక్ట్రాన్లు బేస్ పొరను దాటడానికి కొంత సమయం పడుతుంది. సంకేతం అంతకంటే వేగంగా మారితే అవి దాన్ని అందుకోలేవు, ట్రాన్సిస్టర్ పెంచడం మానేస్తుంది. ఆనాటి బేస్ పొరలు మందం కాబట్టి 455 దగ్గర పెంపు చాలేది కాదు. వేగాన్ని తగ్గించుకుని, అదే ట్రాన్సిస్టర్ నుంచి ఎక్కువ పెంపు రాబట్టారు. కావలసినంత మంచి ట్రాన్సిస్టర్ చేతికి రానప్పుడు ఉన్నదానికి తగ్గట్టు రేడియోనే మార్చుకున్నారన్నమాట.

ఇంకో చిక్కు, ఒకే స్ఫటికం నుంచి కోసిన ట్రాన్సిస్టర్లు కూడా ఒక్కలా ఉండేవి కావు. అందుకని ప్రతిదాన్నీ కొలిచి, బాగా వేగమున్నవాటిని ముందు మెట్టుకు, మధ్యరకాన్ని పెంచే మెట్లకు, మిగిలినవాటిని స్పీకర్ మెట్టుకు పంపేవారు. ఆ రోజుల్లో ఇది పరిశ్రమ అంతటా ఉన్న అలవాటే. రేథియాన్ కంపెనీ చెవిటి యంత్రాలకు పనికిరావని తీసేసిన ట్రాన్సిస్టర్లకు సీకే722 అని పేరు పెట్టి, 1953లో ఇంట్లో సర్క్యూట్లు కట్టుకునే కుర్రాళ్లకు అమ్మింది. ఒక తరం అమెరికన్ ఇంజనీర్లు చదువుకున్నది వాటి మీదే.

ఇంత తంటాలు పడి కట్టిన టీఆర్-1 ఒక 22.5 వోల్టుల బ్యాటరీ మీద సుమారు నాలుగు మిల్లీ ఆంపియర్లతో నడిచింది. అంటే వాటులో పదో వంతు కూడా లేదు. ఇందాకటి నాలుగు వాల్వుల సెట్టుకు ఒక వాటు కావలసి వచ్చింది. తేడా అంతా ఫిలమెంట్లూ, ప్లేటు వోల్టేజీ పోవడం వల్ల మిగిలిందే. ఒక్క చిన్న బ్యాటరీ ఇరవై గంటలకు పైగా వచ్చేది, స్విచ్చి వేసిన క్షణంలోనే పాట వినిపించేది. జనం యాభై డాలర్లు పెట్టింది దీనికే. ఐబీఎం అధిపతి థామస్ వాట్సన్ జూనియర్ ఈ రేడియోలు వందకు పైగా కొని, వాల్వులను వదలనంటున్న తన ఇంజనీర్లకు పంచిపెట్టాడు. 1957లో ఐబీఎం టెక్సాస్ కంపెనీ నుంచి ట్రాన్సిస్టర్లు కొనే ఒప్పందం చేసుకుంది.

ఆ ఇంజనీర్ల సంకోచం మొండితనమని కొట్టిపారేయలేం. 1956లో అట్లాంటిక్ సముద్రం అడుగున వేసిన మొదటి టెలిఫోన్ కేబుల్‌లో, గొంతును పెంచే పెట్టెల నిండా ఉన్నవి వాల్వులే. ఆ కేబుల్‌ను రూపొందించినవాళ్లలో ట్రాన్సిస్టర్ పుట్టిన బెల్ పరిశోధనశాల ఉంది! సముద్రం అడుగుకు దిగి బాగుచేయడం కుదరదు కాబట్టి ఇరవై ఏళ్లు నిలుస్తుందని తెలిసినదాన్నే పెట్టారు. కొత్తగా వచ్చిన ట్రాన్సిస్టర్ ఇరవై ఏళ్లు ఉంటుందో లేదో చెప్పడానికి అప్పటికి దాని వయసే తొమ్మిదేళ్లు.

జెర్మేనియంకు పుట్టుకతో వచ్చిన జబ్బు వేడి. ట్రాన్సిస్టర్‌లో పారకూడని చోట కూడా కాస్త కరెంటు కారుతుంది. జెర్మేనియంలో వేడి పది డిగ్రీలు పెరిగినప్పుడల్లా ఆ కారుడు దాదాపు రెట్టింపవుతుంది. కారిన కరెంటు మళ్లీ వేడి పుట్టిస్తుంది, ఆ వేడికి మరింత కారుతుంది. మన రోహిణీ కార్తె ఎండలో జెర్మేనియం రేడియోను కిటికీలో వదిలేస్తే పాట గొంతు మొదట గీరుకుపోతుంది, బ్యాటరీ తొందరగా అయిపోతుంది. చల్లని చోట పెడితే చాలావరకు మళ్లీ కోలుకుంటుంది. డెబ్బై అయిదు డిగ్రీల దాటితే అది ఇక పనికిరాదు. సిలికాన్‌లో ఈ కారుడు ఎన్నో రెట్లు తక్కువ. కానీ సిలికాన్ కరగాలంటే 1,400 డిగ్రీల పైన వేడి కావాలి. కరిగిన సిలికాన్ తాను ఉన్న పాత్రనే తింటుంది, అందులోంచి మలినాలు లాక్కుంటుంది. అందుకే అందరూ అది ఇంకా చాలా ఏళ్ల మాట అనుకున్నారు.

1954 మేలో ఒహాయో రాష్ట్రం డేటన్‌లో జరిగిన సదస్సులో వక్త తర్వాత వక్త అదే మాట చెప్పాక, గోర్డన్ టీల్ లేచి తన జేబులో సిలికాన్ ట్రాన్సిస్టర్లు ఉన్నాయని ప్రకటించాడు. అక్కడే రికార్డు పాడించి, దాన్ని పెంచుతున్న జెర్మేనియం ట్రాన్సిస్టర్‌ను మరిగే నూనెలో ముంచాడు. పాట ఆగిపోయింది. దాని బదులు సిలికాన్‌ది తగిలించి, అదే నూనెలో ముంచాడు. పాట సాగింది. సభలోని జనం ఫోన్ల కోసం బయటకు పరుగెత్తారని చెప్పుకుంటారు.

వేడి తట్టుకుంది కాబట్టి సైన్యం సిలికాన్‌ను ఎంత ధరైనా ఇచ్చి కొంది. మామూలు మనిషికి అందడానికి మాత్రం ఇంకొక అడుగు కావలసి వచ్చింది. షాక్లీ పెట్టిన కంపెనీని వదిలి వచ్చిన ఎనిమిది మంది 1957లో కాలిఫోర్నియాలో ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ స్థాపించారు. వాళ్ల మొదటి వంద సిలికాన్ ట్రాన్సిస్టర్లను ఐబీఎం ఒక్కొక్కటి 150 డాలర్లకు కొంది. ఆ తొలి రకంలో పొరలు కలిసే అంచు బయటకు తేలి ఉండేది. దాని మీద డబ్బాలో మిగిలిపోయిన లోహపు రజను పడితే షార్టయ్యేది. చెడ్డవాటిని ఏరడానికి పనివాళ్లు పెన్సిలు వెనక రబ్బరుతో ఒక్కో ట్రాన్సిస్టర్ని తట్టి చూసేవారు. తట్టినప్పుడు లోపలి రజను కదిలి అంచు మీద పడితే మీటరు ముల్లు చెబుతుంది. ఆ తట్టుడులో గట్టెక్కినది కూడా రేపు విమానం కుదుపుల్లో చెడిపోదని హామీ లేదు.

దీనికి మందు ఆ ఎనిమిది మందిలోనే ఉన్న జీన్ హెర్నీ కనిపెట్టాడు. సిలికాన్‌ను వేడి ఆక్సిజన్‌లో ఉంచితే పైన గాజు లాంటి ఆక్సైడు పొర తనంతట తానే ఏర్పడుతుంది. అందరూ తయారీ అయ్యాక ఆ పొర మురికిదని కడిగేసేవారు. హెర్నీ దాన్ని ఉంచేశాడు. అవసరమైన చోట మాత్రమే కిటికీల్లా తెరిచి, వాటి గుండా మలినాలను లోపలికి పంపితే, అవి ఆక్సైడు కింద పక్కలకు కూడా పాకుతాయి, పొరలు కలిసే అంచు పుట్టడమే గాజు కప్పు కింద పుడుతుంది. రజను పడటానికి చోటే లేదు. 1959లో ఇది పనిచేసింది. జెర్మేనియంకు ఈ అదృష్టం లేదు, దాని ఆక్సైడు నీటిలో కరిగిపోతుంది. సిలికాన్ గెలవడానికి వేడి ఒక కారణమైతే, నా లెక్కలో ఈ ఆక్సైడు అంతకంటే పెద్ద కారణం.

హెర్నీ పద్ధతి నమ్మకాన్ని ఇచ్చింది, దాంతోపాటు చవకనూ తెచ్చింది. టీఆర్-1 నాటి ట్రాన్సిస్టర్ని స్ఫటికం నుంచి ముక్కగా కోసి, సూక్ష్మదర్శిని కింద, మిల్లీమీటరులో వందో వంతు మందమున్న బేస్ పొర ఎక్కడుందో తీగ మొనతో వెతికి అతికించాలి. ప్రతి ఒక్కటీ చేతి పనే. హెర్నీ పద్ధతిలో పనంతా సిలికాన్ బిళ్ల పైనుంచే జరుగుతుంది. కిటికీలు ఎక్కడ ఉండాలో ఫొటో పద్ధతిలో ఒకేసారి అచ్చు వేస్తారు. అంగుళం వెడల్పు బిళ్ల మీద వందల ట్రాన్సిస్టర్లకు ఒకే కొలిమి, ఒకే మలినం, ఒకే రోజు. బిళ్ల మీద ఒక్కో ట్రాన్సిస్టర్ని చిన్నది చేస్తే అదే ఖర్చుతో ఇంకా ఎక్కువ వస్తాయి. వాల్వులో ఈ వీలు లేదు. గాజు ఊదడం, గ్రిడ్ అల్లడం, గాలి తీయడం ప్రతిదానికీ విడివిడిగా చేయవలసిందే, చిన్నది చేస్తే పని ఇంకా కష్టమవుతుంది.

రెండూ నేరుగా ఢీకొన్నది టీవీలో. 1964 నుంచి అమెరికాలో అమ్మే ప్రతి టీవీ ఎక్కువ పౌనఃపున్యపు కొత్త చానళ్లను కూడా పట్టాలని చట్టం వచ్చింది. ఆ పనికి ఆర్‌సీఏ కంపెనీ బొటనవేలి గోరంత లోహపు వాల్వు నువిస్టర్‌ని సిద్ధంగా పెట్టింది. వాల్వుల తయారీలో అంతకంటే నాజూకైనది రాలేదు, ధర డాలరు అయిదు సెంట్లు. ఫెయిర్‌చైల్డ్ దగ్గర ఆ పని చేయగల సిలికాన్ ట్రాన్సిస్టర్ ఉంది, కానీ సైన్యం కోసం కొద్దికొద్దిగా చేస్తున్నందువల్ల తయారీకే వంద డాలర్ల దాకా అవుతోంది. అయినా రాబర్ట్ నోయిస్ టీవీ కంపెనీలకు అదే డాలరు అయిదు సెంట్ల ధర చెప్పాడు. లక్షల్లో చేస్తే ఖర్చు దానంతటదే దిగుతుందని ఆయన లెక్క. చివరి అమరికను కూలి తక్కువైన హాంకాంగ్‌కు తరలించారు, ఖరీదైన లోహపు డబ్బా బదులు ప్లాస్టిక్ వేశారు. కొన్నేళ్లలోనే ఆ ధర కంటే కిందికి అమ్మి కూడా లాభం చూశారు. నువిస్టర్ ఆ తర్వాత కొత్త టీవీల్లోంచి కనుమరుగైంది.

మన దేశంలో ఈ మలుపు ఎంత తొందరగా వచ్చిందో రెండు యంత్రాలను పక్కపక్కన పెడితే తెలుస్తుంది. బొంబాయి టాటా సంస్థలో 1960లో పూర్తి స్థాయిలో నడిచిన టిఫ్రాక్ కంప్యూటరులో దాదాపు 2,700 వాల్వులు ఉన్నాయి. తొమ్మిదేళ్ల తర్వాత ట్రాంబేలో నడిచిన టీడీసీ-12లో ఒక్క వాల్వూ లేదు, అంతా ట్రాన్సిస్టర్లే. దాన్ని తయారుచేసి అమ్మింది 1967లో హైదరాబాదులో మొదలైన ఈసీఐఎల్. ఆ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు మనిషి.

వాల్వు పూర్తిగా పోయిందా అంటే పోలేదు. మీ వంటింట్లో మైక్రోవేవ్ ఉంటే దాని గుండెలో ఉన్న మాగ్నెట్రాన్ అచ్చమైన వాల్వే. శూన్యం ఉంది, కాలే ఫిలమెంటు ఉంది, నాలుగు వేల వోల్టుల వోల్టేజీ ఉంది. 2,450 మెగాహెర్ట్జ్ దగ్గర ఎనిమిది తొమ్మిది వందల వాట్లు ఇస్తుంది. అంత పౌనఃపున్యం వద్ద అంత శక్తిని ట్రాన్సిస్టర్లు కూడా ఇవ్వగలవు, కానీ పక్కపక్కన కొన్నిటిని కలిపి, వాటి వేడిని తీయడానికి పెద్ద రేకులు తగిలించాలి. మొత్తం ఖర్చు మాగ్నెట్రాన్ కంటే చాలా ఎక్కువ. పెద్ద రేడియో స్టేషన్ల ట్రాన్స్‌మీటర్లలోనూ, ఉపగ్రహాల నుంచి సంకేతాలు పంపే చోట కూడా ఈ కారణంగానే శూన్యపు గొట్టాలు చాలాకాలం నిలిచాయి. చిన్న సంకేతాన్ని పెంచేచోట ట్రాన్సిస్టర్‌కు పోటీ లేదు. వందల, వేల వాట్లను ఒక్క చోట నుంచి తోయవలసినప్పుడు మాత్రం కాలే కాథోడ్ ఇంకా బరిలోనే ఉంది.